గీసిన ఇల్లే బొమ్మలో రావాలంటే

కొత్త ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లలో చాలామంది ఇంజినీరు దగ్గరికి వెళ్లకముందే ఓ తెల్లకాగితం మీద ఇంటి ముందు భాగం గీసేసుకుంటారు. ఎడమ పక్క పోర్టికో, దాని మీద బాల్కనీ, కుడి పక్క పెద్ద కిటికీ, పైన పిట్టగోడ. ఇప్పుడు ఆ కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసి కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, కాసేపట్లోనే రంగులు, రాతి పలకలు, ఎండా నీడలతో సహా అచ్చం ఫొటోలాంటి ఎలివేషన్ చేతికొస్తోంది. ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. తేరిపార చూసినవాళ్లకే అసలు సంగతి తెలుస్తుంది. పోర్టికో గీసినదానికంటే వెడల్పయింది, రెండు కిటికీలు మూడయ్యాయి, నిలువుగా ఉండాల్సిన ఇల్లు అడ్డంగా సాగింది. 30 అడుగుల ముఖం ఉన్న ప్లాటులో పట్టని విల్లా బొమ్మలో తయారైంది.

బొమ్మ అందంగా రావడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. గీసిన కొలతల పొంతన చెడకుండా రావడమే పని. ఎత్తుకు వెడల్పు ఎంత, గోడలో తలుపు వాటా ఎంత అన్న లెక్క కాగితం మీద ఎలా ఉందో బొమ్మలోనూ అలాగే ఉండాలి. అది ఎక్కడెక్కడ జారిపోతుందో తెలిస్తే పట్టుకోవడం కష్టం కాదు.

గీతల ఇంటిని కళ్లకు కట్టేలా చూపించే పని కంప్యూటర్లతో పుట్టింది కాదు. వందేళ్ల కిందట అమెరికాలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆఫీసులో మారియన్ మహోనీ అనే ఆర్కిటెక్టు ఈ పని చేసేవారు. 1910లో బెర్లిన్‌లో అచ్చయిన రైట్ చిత్రాల సంపుటిలో చాలా బొమ్మలు ఆమె చేతివే. ఆ కాలపు చిత్రకారులకు ప్లాను తెలుసు. అందులోని కొలతల నుంచి స్కేలుతో గీతలు లాగి దృశ్యాన్ని కట్టేవారు, చెట్లూ పూలూ ఆ తర్వాతే. ఇప్పటి సాఫ్ట్‌వేర్‌కు ఆ ప్లాను తెలియదు. దానికి అందేది ఒక ఫొటో, నాలుగు మాటలు. తెలియనిచోట తాను అంతకుముందు చూసిన లక్షల ఇళ్ల బొమ్మల నుంచి ఊహించి నింపేస్తుంది. చిక్కంతా అక్కడే.

ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుంటే విషయం తేటపడుతుంది. ప్లాటు 200 గజాలు, అంటే 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. రెండు పక్కలా మూడేసి అడుగులు వదిలితే ఇంటి వెడల్పు 24 అడుగులు. బేస్‌మెంట్ ఎత్తు 2 అడుగులు, కింది అంతస్తు పదిన్నర, పై అంతస్తు పదిన్నర, పిట్టగోడ 3. మొత్తం ఎత్తు 26 అడుగులు. అంటే ఈ ఇల్లు వెడల్పు కంటే ఎత్తు కాస్త ఎక్కువున్న ఇల్లు. ఎడమ పక్క 11 అడుగుల పోర్టికో, మిగతా 13 అడుగుల గోడలో మూడున్నర అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న సింహద్వారం, పక్కనే ఒక కిటికీ. అంగుళాలు పక్కనపెట్టి అడుగుకు 6 మిల్లీమీటర్ల చొప్పున A4 కాగితాన్ని అడ్డంగా పెట్టి గీస్తే ఇల్లు 144 మి.మీ. వెడల్పు, 156 మి.మీ. ఎత్తు వస్తుంది. తలుపు 42 మి.మీ. పొడవు. కాగితంలో చక్కగా పడుతుంది.

మొదట కాగితాన్నే సిద్ధం చేయాలి. రఫ్ స్కెచ్‌లో ఒక గోడ అంచుకు మూడు నాలుగు గీతలు ఉంటాయి. గీసేవాడి కంటికి అందులో సరైన గీత ఏదో తెలుసు, యంత్రానికి తెలియదు. మూడింటినీ నిజమే అనుకుంటే గోడ పక్కన ఇంకో పిల్లర్ మొలుస్తుంది. అందుకని స్కెచ్ మీద ట్రేసింగ్ పేపర్ వేసి, ఒక అంచుకు ఒకే గీత చొప్పున నల్ల పెన్నుతో మళ్లీ గీయడం మంచిది. మూలల్లో గీతలు కలవాలి. నీడ కోసం వేసిన అడ్డగీతలు, చెట్లు, రాసుకున్న కొలతలు ఇందులో ఉండకూడదు. నిలువు గీతలు నిలువుగానే ఉండాలి. ఈ పనికి పట్టేది కొద్ది నిమిషాలే, తర్వాత వచ్చే తప్పుల్లో సగం ఇక్కడే ఆగిపోతాయి.

తర్వాత ఫొటో. పొంతన మొదటిసారి చెడేది ఇక్కడే, అదీ ఎవరికీ తెలియకుండా. టేబుల్ మీది కాగితాన్ని కూర్చున్నచోటి నుంచే ఫొటో తీస్తే కాగితం పై అంచు దూరమై కురచగా, కింది అంచు దగ్గరై పొడవుగా వస్తుంది. ఇల్లు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, ఎత్తు తగ్గుతుంది. పరీక్ష తేలిక. A4 కాగితం 297 మి.మీ. పొడవు, 210 మి.మీ. వెడల్పు. పొడవును వెడల్పుతో భాగిస్తే 1.41. కాగితం నాలుగు అంచులూ కనిపించేలా తీసిన ఫొటోలో ఎదురెదురు అంచులు సమానంగా ఉన్నాయా, భాగిస్తే 1.41 వస్తోందా అని చూస్తే చాలు. ఫోన్‌ను కాగితానికి సరిగ్గా పైన, కాస్త ఎత్తులో పట్టుకుని 2x జూమ్‌లో తీస్తే వంపులు తగ్గుతాయి. డాక్యుమెంట్లు స్కాన్ చేసే యాప్ అయితే మూలలు పట్టుకుని తానే సరిచేస్తుంది. జిరాక్స్ షాపులో స్కానర్ మీద పెట్టిస్తే ఈ బెడదే లేదు.

ఇక సాఫ్ట్‌వేర్ పని. ఈ తరహా సాఫ్ట్‌వేర్లు బొమ్మను బ్రష్‌తో వేసినట్టు ఒక మూల నుంచి వేసుకుంటూ రావు. పాత టీవీలో సిగ్నల్ లేనప్పుడు కనిపించే చుక్కల తెరలాంటి గందరగోళంతో మొదలుపెట్టి, అంచెలంచెలుగా ఆ చుక్కల్ని తొలగిస్తూ బొమ్మను తేలుస్తాయి. మొదటి అంచెల్లో ఇల్లు ఎంత, ఎక్కడ అన్న పెద్ద ఆకారం కుదురుకుంటుంది. చివరి అంచెల్లో సున్నం గరుకు, గాజు మెరుపు, రాతి నగిషీ లాంటివి చేరతాయి.

స్కెచ్‌ను నేరుగా ఇచ్చి దాని మీదనే బొమ్మ తీయమనడం పాత పద్ధతి. అందులో `Denoising strength` అనే ఒకే మీట ఉంటుంది, సున్నా నుంచి ఒకటి దాకా. తగ్గిస్తే గీతలు కదలవు, కానీ బొమ్మ రంగులద్దిన స్కెచ్‌లాగే మిగులుతుంది. పెంచితే ఫొటోలా వస్తుంది, కానీ ఇల్లు మారిపోతుంది. నిజంలా కనిపించాలంటే కొలత వదులుకోవాలి, కొలత కావాలంటే నిజంలా కనిపించడం వదులుకోవాలి. ఈ రెండింటికీ పొసగక డిజైనర్లు తలలు పట్టుకునేవారు.

2023 ఫిబ్రవరిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లవ్‌మిన్ జాంగ్, అన్యి రావ్, మనీష్ అగ్రవాలా కంట్రోల్‌నెట్ అనే పద్ధతిని బయటపెట్టాక ఈ ముడి విడింది. ఆ ఏడాది పారిస్‌లో జరిగిన కంప్యూటర్ విజన్ సదస్సు ఐసీసీవీలో వాళ్ల పరిశోధన పత్రానికి ఉత్తమ పత్రంగా మార్ బహుమతి వచ్చింది. వాళ్లు చేసింది ఇది: బొమ్మలు వేసే అసలు యంత్రాన్ని కదిలించకుండా అలాగే ఉంచి, దాని పక్కన దానికే నకలు ఒకటి పెట్టి, ఆ నకలుకు గీతల్ని చదవడం నేర్పారు. ప్రతి అంచెలోనూ ఆ నకలు అసలు యంత్రానికి ‘గోడ ఇక్కడ, తలుపు అక్కడ’ అని చెబుతూ ఉంటుంది. రంగు, వెలుగు అసలు యంత్రం చూసుకుంటుంది, ఆకారం గీతలు చూసుకుంటాయి. ఎండనీ రాతినీ ఎంత స్వేచ్ఛగా వేసినా గోడ జరగదు.

అయితే గీతల్ని చదివే తీరుల్లో రకాలున్నాయి. ఏది ఎంచుకున్నామన్న దాని మీదే పొంతన ఆధారపడుతుంది. `Scribble` అనేది పిల్లల గీతల్ని కూడా అర్థం చేసుకునే ఉదార స్వభావం. ఇల్లు ఉజ్జాయింపుగా అందితే చాలనుకుంటుంది, కాబట్టి కొలతల పనికి నమ్మలేం. `Canny` వెలుతురు చటుక్కున మారేచోటల్లా అంచు ఉందంటుంది. 1986లో జాన్ క్యానీ చెప్పిన సూత్రం అది, ఫొటోలకు భేషుగ్గా పనిచేస్తుంది. పెన్ను గీత దగ్గర మాత్రం గీతకు ఇటొక అంచు, అటొక అంచు పట్టి రెండు గీతలు చేస్తుంది. కాగితం మీది మడత కూడా దానికి గోడే. గీసిన బొమ్మకు తగినది `Lineart`. ఇల్లు మొత్తం తిన్నని గీతలతోనే ఉంటే `MLSD` ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఆర్చి ఉంటే మాత్రం దాన్ని వదిలేస్తుంది, ఎందుకంటే అది తిన్నని గీతల్ని తప్ప చూడదు.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. కంట్రోల్‌నెట్‌కు కావలసింది నల్లటి నేల మీద తెల్ల గీతలు. మన కాగితం తెల్లది, గీతలు నల్లవి. మార్చే ఆప్షన్ పేరు `invert`. అది పెట్టకుండా ఇస్తే యంత్రానికి కాగితమంతా ఒక పెద్ద తెల్ల గీతగా కనిపిస్తుంది, బొమ్మ కంగాళీగా వస్తుంది. ముందుగా చూపించే ప్రివ్యూలో గీతలు తెల్లగా కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు.

పొంతన రెండోసారి చెడేది కాన్వాసు సైజు దగ్గర. చాలా సాఫ్ట్‌వేర్లు మొదట చతురస్రాన్ని చూపిస్తాయి, 1024 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు. అడ్డంగా ఉన్న A4 ను అందులో పెట్టి `Just Resize` అంటే బొమ్మను పక్కల నుంచి నొక్కి ఇరికిస్తుంది. లెక్కవేస్తే 24 అడుగుల ఇల్లు 17 అడుగులకు కుంచించుకుపోతుంది, ఎత్తు మాత్రం 26 అడుగులే. `Crop and Resize` అంటే పక్కలు కత్తిరిస్తుంది. అసలు మార్గం, కాన్వాసునే కాగితం పాళ్లలో పెట్టడం. 1216 అడ్డం, 864 నిలువు పెడితే భాగహారం 1.41 వస్తుంది. ఎక్కడా సాగదు, నలగదు.

తర్వాత రెండు అంకెలు. గీతల మాట ఎంత గట్టిగా వినాలో చెప్పేది `Control Weight`. ఒకటి దగ్గర మొదలుపెట్టడం ఆనవాయితీ. ఒకటిన్నర దాటిస్తే చెయ్యి వణికినచోట గోడ కూడా వణుకుతుంది, అంచుల వెంట నల్ల గీతలు తేలి కార్టూన్‌లా అవుతుంది. రెండోది `Ending Control Step`, గీతల మాట ఎంతవరకు వినాలో చెప్పేది. పెద్ద ఆకారం మొదటి అంచెల్లోనే కుదురుకుంటుంది కాబట్టి, దీన్ని 0.8 దగ్గర ఆపితే చివరి అంచెల్లో యంత్రానికి చేయి వదిలినట్టవుతుంది. ఇల్లు కదలదు, పూత, రాయి సహజంగా వస్తాయి. దీన్ని మరీ తగ్గించి 0.3 దగ్గరే ఆపేస్తే కిటికీలు జరగడం మొదలవుతుంది.

మాటల్లో ఏం అడుగుతున్నామో అదీ ముఖ్యమే. ఈ యంత్రాలకు నేర్పిన బొమ్మలు, వాటి పక్కన ఉన్న వివరణలు ఎక్కువగా ఇంగ్లిషు ఇంటర్‌నెట్‌వి. ‘విల్లా’, ‘లగ్జరీ’ అనగానే వాటికి తోచేది విశాలమైన స్థలంలో అడ్డంగా పరుచుకున్న ఇల్లు, ముందొక ఈతకొలను. 24 అడుగుల ఇంటిని ఆ మాటలు పక్కలకు లాగుతాయి. ఆకారం సంగతి గీతలకు వదిలేసి, మాటల్లో పూత, రాయి, వెలుతురు మాత్రమే చెప్పాలి. ఇలా:

```
two-storey house, front view, cream plaster walls,
teak main door, glass balcony railing,
grey stone cladding on portico pillar,
soft daylight, architectural photograph
```

బొమ్మ వచ్చాక కళ్లతో మెచ్చుకునేముందు కొలవాలి. మొబైల్లో అయినా పొరలు వేయగలిగే ఏ యాప్‌లోనైనా స్కెచ్‌ను కింద, బొమ్మను పైన పెట్టి, పై పొరను సగం పారదర్శకం చేస్తే ఎక్కడ జరిగిందో ఇట్టే తెలుస్తుంది. అంకెల్లో చూడాలంటే మూడే కొలతలు చాలు. మొత్తం వెడల్పు, మొత్తం ఎత్తు, తలుపు ఎత్తు. మన లెక్కలో 297 మి.మీ. కాగితం 1216 పిక్సెళ్లయింది, మిల్లీమీటరుకు నాలుగు పిక్సెళ్ల పైచిలుకు. అంటే ఇల్లు 590 పిక్సెళ్ల వెడల్పు, 640 పిక్సెళ్ల ఎత్తు, తలుపు 172 పిక్సెళ్ల ఎత్తు రావాలి. ఇంటి కొలత సరిపోయి తలుపు మాత్రం 200 వచ్చిందనుకుందాం. 640 పిక్సెళ్లు 26 అడుగులైతే 200 అంటే 8 అడుగుల పైమాటే. ఏడడుగుల ద్వారం కాస్తా గుడి వాకిలంత అయిందన్నమాట. తలుపు పెద్దదైతే చూసే కంటికి ఇల్లు చిన్నదవుతుంది, కారణం మాత్రం చూసేవాళ్లకు అంతుపట్టదు. ఒకటి రెండు శాతం తేడాను పట్టించుకోనక్కర్లేదు, పెన్ను గీత మందమే అంత ఉంటుంది.

తప్పు ఒకచోటే ఉంటే మొత్తం బొమ్మ మళ్లీ తీయించకూడదు. కొత్త బొమ్మలో ఆ తప్పు పోయి ఇంకోటి వస్తుంది. తప్పున్న భాగం మీద మాత్రమే ముసుగు వేసి దాన్నే తిరగవేయించే సదుపాయం ఉంది, దాని పేరు `Inpaint`. తలుపు చుట్టూ ముసుగు వేసి, గీతల నియంత్రణ అలాగే ఉంచి, తలుపును మళ్లీ వేయిస్తే మిగతా ఇల్లు చెక్కుచెదరదు.

ఇప్పటిదాకా చెప్పింది ఇంటిని ఎదురుగా నిలబడి చూసే ఎలివేషన్ గురించి. రోడ్డు మూల మీద నిలబడి రెండు ముఖాలూ కనిపించేలా గీసిన స్కెచ్ అయితే స్కేలు పెట్టి కొలవడం కుదరదు. దూరమైనవి చిన్నవవుతాయి కదా. అక్కడ ఆసరా కంటి ఎత్తు గీత. నేల మీద నిలబడి చూసేవారి కళ్లు దాదాపు 5 అడుగుల ఎత్తులో ఉంటాయి. నేల సమతలంగా ఉంటే, బొమ్మలో దిగంతపు గీత దగ్గరి గోడనైనా దూరపు గోడనైనా నేల నుంచి సరిగ్గా ఆ 5 అడుగుల దగ్గరే కోస్తుంది. కాబట్టి ప్రతి నిలువు గీతకూ అదే కొలబద్ద. ఇంటి మూల నేల నుంచి పిట్టగోడ దాకా 520 పిక్సెళ్లు ఉండి, కంటి గీత నేల నుంచి 100 పిక్సెళ్ల దగ్గర పోతుంటే, 100 పిక్సెళ్లు 5 అడుగులు. 520 అంటే 26 అడుగులు. లెక్క కుదిరింది.

ఇదే గీతతో ఇంకో దొంగనూ పట్టుకోవచ్చు. అడగకపోయినా యంత్రం పోర్టికోలో ఒక కారు పెడుతుంది. మామూలు సెడాన్ కారు ఎత్తు 5 అడుగులకు అటూఇటూగా ఉంటుంది. పోర్టికో నేల రోడ్డు మట్టానికే ఉంటే ఆ కారు టాపు దాదాపు కంటి గీత దగ్గరే ఉండాలి. కారు టాపు గీతకు చాలా కింద ఉంటే అది బొమ్మ కారు. దాని పక్కన పోర్టికో ఫంక్షన్ హాలు ముఖద్వారమంత కనిపిస్తుంది. ఇంటి గీతలన్నీ సరిగ్గానే ఉన్నా, కారు సైజు ఒక్కటే కంటిని మోసం చేస్తుంది.

వీటన్నిటికీ ఒక హద్దుంది. గీత తప్పయితే యంత్రం ఆ తప్పునే నమ్మకంగా రంగులేసి ఇస్తుంది. మూల నుంచి గీసిన స్కెచ్‌లో ఒక గోడకు చెందిన అడ్డగీతలన్నీ పొడిగిస్తే దూరాన ఒకే బిందువు దగ్గర కలవాలి. బాల్కనీ గీత ఒకచోటా, సజ్జ గీత ఇంకోచోటా చేరుతుంటే ఆ స్కెచ్‌లో నిలబెట్టుకోవాల్సిన పొంతనే లేదు. అప్పుడు దారి వేరు. స్కెచప్‌లో గానీ, ఉచితంగా దొరికే బ్లెండర్‌లో గానీ ప్లాను కొలతలతో ఇంటిని పెట్టెల్లా నిలబెట్టాలి. స్కెచప్‌లో `Match Photo`, బ్లెండర్‌కు తోడుగా పనిచేసే `fSpy` గీసిన స్కెచ్‌ను బట్టి కెమెరా ఎక్కడుండాలో చెబుతాయి. ఏ గీతకు కెమెరా కుదరదో ఆ గీతే తప్పు. ఆ పెట్టెల బొమ్మను వీరే, ఎన్‌స్కేప్, లూమియన్ లాంటి రెండరింగ్ సాఫ్ట్‌వేర్లకు ఇస్తే గోడ వెంట్రుకవాసి కూడా జరగదు, ఎందుకంటే అక్కడ ఊహకు చోటు లేదు, కొలతే ఉంది. లేదా ఆ పెట్టెల్లో ఏది దగ్గర, ఏది దూరం అన్న సమాచారాన్ని `Depth` రూపంలో కంట్రోల్‌నెట్‌కే ఇవ్వొచ్చు. పనీ, ఖర్చూ పెరుగుతాయి. అయినా రెండు మూడు కోణాల నుంచి ఒకే ఇల్లు కావాలంటే ఇదే నమ్మదగ్గ పద్ధతి. స్కెచ్ ఒక్కటే ఇచ్చి పక్క నుంచి ఎలా ఉంటుందో చూపించమంటే యంత్రం వేరే ఇంటిని చూపిస్తుంది.

ఎంత సరిగ్గా వచ్చినా ఈ బొమ్మ పూత ఏ రంగు, పిల్లర్‌కు ఏ రాయి, రెయిలింగ్ గాజా ఇనుమా అని తేల్చుకోవడానికే. దాన్ని మేస్త్రి చేతికిచ్చి కట్టమంటే సజ్జ మందం, శ్లాబు లోతు, బీము ఎక్కడన్నవి అందులో ఉండవు. అవి స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లోనే ఉంటాయి. డిజైనర్ ఎలివేషన్ బొమ్మ పంపినప్పుడు ఓకే చెప్పకముందు స్కెచ్ గీతలను బొమ్మ మీద పరిచిన కాపీని, తలుపు ఎత్తు, ఇంటి మొత్తం ఎత్తు అడుగుల్లో రాయించి అడిగి తీసుకోండి. అది ఇవ్వలేకపోతే ఆ బొమ్మ మీ ఇంటిది కాదు.